లేని పాలసీ

మా బావగారు ఎంగిలి చేత్తో కాకిని తోలే మనిషి కాదు. ఈ మాట ఆయన ఎదురుగానే చాలాసార్లు అన్నాను. ఆయన దాన్ని పొగడ్త కింద జమకట్టుకుని నవ్వుతాడు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. అరకు బజారులో మా దుకాణం ఉమ్మడిది. ముందువైపు ఉప్పూ పప్పూ సబ్బులూ అమ్ముతాం, వెనక గోడౌన్లో కొండవాళ్ళ దగ్గర కొన్న కాఫీ గింజలు, మిరియాలు, పసుపు పోసి ఉంటాయి. నేను విజయనగరం వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి, వచ్చిన ఏడాదికే గల్లాపెట్టె దగ్గర కుదురుకున్నాను. మా ఆయన అన్నగారి మాటకి ఎదురు చెప్పడు. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

తన పాత కారు అమ్మేశాక బావగారు ఇన్సూరెన్సు కంపెనీకి ఒక ఉత్తరం రాయించాడు, పాలసీ రద్దు చేసి మిగిలిన కాలానికి ప్రీమియం తిరిగి ఇమ్మని. ఆ ఉత్తరం నా చేతిరాతే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆ ఉత్తరం చెల్లడం కోసం మా దుకాణంలో ఒక పని జరిగింది. దానివల్ల, మొగుడు పోయాక ఒక కొండమ్మాయికి రావలసిన పదిహేను లక్షలు రాకుండా పోయాయి. అంతటితో ఆగినా నేను ఇదంతా రాసేదాన్ని కాదు. డబ్బు పోయినవాళ్ళని చాలామందిని చూశాను. లేని డబ్బు దాచిందని తన్నులు తిన్న మనిషిని మాత్రం ఆమెనొక్కదాన్నే చూశాను.

కారు కొన్నవాడు మాకు ఎప్పటినుంచో తెలుసు. పైన కాఫీ తోటలున్న ఊరివాడు. పెళ్ళికి ముందు సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు తోలాడు, లైసెన్సు అప్పుడు తీసిందే. తర్వాత ఊరికి వచ్చి తండ్రి వదిలిన తోట చూసుకుంటున్నాడు. మంచి మాటకారి. దుకాణానికి వస్తే మిరియాల ధర దగ్గర గీచి గీచి బేరమాడి, చివరికి బావగారు చెప్పిన ధరకే ఇచ్చిపోయేవాడు. వాళ్ళ ఊళ్ళో ఎవరికి కడుపునొప్పి వచ్చినా డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకు రావాలి. ఆ మధ్య ఊరి వరకూ మట్టిరోడ్డు వేశారు. రోడ్డు పడిన దగ్గరనుంచీ అతనికి కారు పిచ్చి పట్టుకుంది.

బావగారి పాత కారు మీద అతని కన్ను పడింది. మా కొండల్లో పాత బండి బేరం ఎప్పుడూ ఒకలాగే సాగుతుంది. ముందు టైర్లు తన్ని చూస్తారు, తర్వాత "కాగితాలు బతికున్నాయా?" అని అడుగుతారు. ఇన్సూరెన్సు ఇంకా ఎన్నాళ్ళు నడుస్తుందో దాన్ని బట్టి ధర ఎక్కుతుంది, దిగుతుంది. బండితో పాటే ఇన్సూరెన్సు కూడా కొన్నవాడిదే అని అందరూ అనుకుంటారు. అతనూ అలాగే అడిగాడు.

"ఇన్సూరెన్సు ఉందేటి బాబూ?"

"లేకేటిరా? మొన్ననే కట్టాను. ఫుల్లు. బండి కొండలోకి పోయినా కంపెనీ వోడు కొత్తది కొనిస్తాడు" అన్నాడు బావగారు.

ఆ 'ఫుల్లు' అన్న మాటకే ధర కొంత పైకి పోయింది. నేను అక్కడే ఉన్నాను. అతను రెండు పంటల డబ్బు తెచ్చి గల్లా మీద పెట్టాడు, కొంత మిరియాల్లో సర్దాడు. ఫారాల మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు, రవాణా ఆఫీసులో పని జరిగింది, ఆర్సీ అతని పేరున వచ్చింది. అక్కడికి అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

ఇంతలో మా ఇన్సూరెన్సు ఏజెంటు దుకాణానికి వచ్చాడు. కొండ కిందున్న కోట ఊరి నుంచి వారానికి ఒకసారి కొండెక్కే మనిషి, టీ తాగి కబుర్లు చెప్పి పోతాడు. మాటల్లో అన్నాడు, "కారు అమ్మీసేరు కదా సార్, పాలసీ సంగతి ఏటి చేసేరు? కొన్నాయన కొత్త పాలసీ తీసుకుంటే మీది రద్దు చేసుకోవచ్చు. మిగిలిన నెలలకి ప్రీమియం వెనక్కి వస్తాది. క్లెయిము చెయ్యలేదు కాబట్టి బోనసు సర్టిఫికెట్టు కూడా ఇస్తారు, మీ కొత్త కారు ప్రీమియం తగ్గుతాది."

బావగారు కప్పు కింద పెట్టేశాడు. ఆ రోజంతా ఆయనకి అదే ధ్యాస. సాయంత్రానికి నన్ను పిలిచి తెల్లకాగితం ఇచ్చి ఉత్తరం రాయమన్నాడు. నాకు చేతిరాత బాగుంటుందని ఆ ఇంట్లో అర్జీలన్నీ నా చేతే రాయిస్తారు. నేను అడిగాను, "ఇన్సూరెన్సు బండితో ఇచ్చామని కదా అతనికి చెప్పాం, బావగారూ?"

"బండి ఇచ్చాం. ఇన్సూరెన్సు పేరు ఎవరిదమ్మా? నాది. నా పేరున ఉన్నదాన్ని ఒగ్గీసి నాను అన్నదానం సేసుకోవాలా?"

మొదటి ఉత్తరం కంపెనీ వాళ్ళు వెనక్కి తిప్పారు. ఏజెంటు వచ్చి విడమరిచి చెప్పాడు. బండి అమ్మిన రోజు నుంచీ ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టే భాగం చట్టం ప్రకారం బండితో పాటే కొన్నవాడికి వెళ్ళిపోతుంది. బండిని ఆ రక్షణ లేకుండా రోడ్డు మీద వదలడానికి వీల్లేదు. అందుకని రద్దు చెయ్యాలంటే కొత్త ఆర్సీ నకలుతో పాటు, ఆ బండికి కొన్నవాడి పేరున ఇంకో పాలసీ ఉన్నట్టు రుజువు కావాలి.

"లేదంటే ఇదే పాలసీ ఆయన పేరుకి మార్పించీండి సార్" అన్నాడు. "మీకు బోనసు కింద తగ్గించిన డబ్బు, కొంచెం ఫీజు ఆయన కట్టుకుంటాడు. బండి రక్షణ అలాగే ఉంటాది. ఓనరుకి పదిహేను లక్షల ప్రమాద బీమా మాత్రం ఆయన పేరున కొత్తగా తీసుకోవాల, మీ పేరున ఉన్నది ఆయనకి పనికిరాదు. అదెంత, కొన్ని వందలు."

అది న్యాయమైన దారి. చవకైన దారి కూడా. కానీ ఆ దారిలో బావగారికి పైసా రాదు.

సంతరోజు ఆయన అతనికి కబురు పెట్టాడు, ఏజెంటునీ రప్పించాడు. అతను పెళ్ళాన్ని కూడా తీసుకుని కారులోనే వచ్చాడు. ఆమె పొట్టిగా, గట్టిగా నవ్వే మనిషి. కారు దిగి తలుపు రెండుసార్లు వేసి చూసింది. బావగారు ఎంతో ప్రేమగా కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే ఎవడికో మూడిందని మా దుకాణంలో పనివాళ్ళకి కూడా తెలుసు.

"నా పేరున ఉన్న ఇన్సూరెన్సు నీకెందుకురా? రేపు ఏటైనా అయితే నా సంతకం కోసం తిరగాల. నీ పేరునే కొత్తది కట్టించేత్తన్నాను. నా డబ్బుల్తోనే" అన్నాడు.

అతని ముఖం వెలిగిపోయింది. పెళ్ళాం వైపు తిరిగి ఏదో అన్నాడు, ఆమె బావగారికి దండం పెట్టింది.

ఏజెంటు ఫోనులో పని మొదలుపెట్టాడు. అన్నిటికంటే తక్కువది ఎంచమని బావగారు ముందే చెప్పి ఉంచాడు. ఎదుటివాళ్ళకి మాత్రమే కట్టే పాలసీ. కారుకి ఏమైనా పైసా రాదు. అదేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. అంతా నింపాక చివర్లో ఏజెంటు ఆగాడు.

"ఓనరు ప్రమాద బీమా కూడా వస్తంది సార్. కొన్ని వందలు పెరుగుతాది."

"తీసీ."

"ఉట్టినే తియ్యడానికి లేదు. ఆయనకి ఇప్పటికే వేరే పదిహేను లక్షల ప్రమాద పాలసీ ఉందని చెప్పి టిక్కు కొడితేనే పోతాది." ఏజెంటు అతని వైపు తిరిగాడు. "ఏటయ్యా, నీకు అలాంటిది ఉందా?"

అతను నోరు తెరిచేలోపే బావగారు అన్నాడు, "ఉంది, ఉంది. కొట్టీ."

"నాకుందేటి బాబూ?" అన్నాడు అతను, నిజంగానే ఆశ్చర్యపోయి.

"ఉంటాదిలేరా. గవర్నమెంటోళ్ళు మీకివ్వంది ఏటుంది? పుడితే డబ్బులు, చస్తే డబ్బులు."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు. తనకి ఏదో ఉందని అంత పెద్దమనిషి అంటుంటే కాదనడం మర్యాద కాదనుకున్నాడో ఏమో. అతని ఫోనుకి ఓటీపీ నంబరు వచ్చింది. అతనే చదివి చెప్పాడు, చదువు వచ్చినవాడిలా ఒక్కొక్క అంకె గట్టిగా పలికాడు. పాలసీ అయిపోయింది. ఆ టిక్కు ఏమిటో అప్పటికి నాకు సరిగ్గా తెలియలేదు. బావగారికి తెలుసు, ఏజెంటుకి ఇంకా బాగా తెలుసు.

ఆ సాయంత్రమే రెండో ఉత్తరం రాశాను. ఇంచుమించు ఇలా ఉంటుంది: 'అయ్యా, నా పేరున ఉన్న కారును అమ్మివేసితిని. ఆర్సీ కొనుగోలుదారు పేరున మారినది. సదరు వాహనమునకు ఆయన పేరున వేరొక పాలసీ తీసుకొనబడినది. కొత్త ఆర్సీ, కొత్త పాలసీ నకళ్ళు జతపరచడమైనది. నా పాలసీపై ఎట్టి క్లెయిమూ చేయలేదు. కావున నా పాలసీ రద్దుచేసి, మిగిలిన కాలమునకు ప్రీమియం నా బ్యాంకు ఖాతాకు జమచేసి, నో క్లెయిమ్ బోనస్ ధ్రువపత్రము ఇప్పించ ప్రార్థన.' కింద బావగారు సంతకం చేసి, పాత ఇన్సూరెన్సు కాగితమూ, క్యాన్సిల్ అని గీసిన చెక్కూ పెట్టాడు. కొన్నాళ్ళకి డబ్బు జమ అయింది. ఫోనులో మెసేజి చూసుకుని ఆయన దుకాణంలో అందరికీ పకోడీలు పంచాడు. నేనూ తిన్నాను, వేడిగా బాగున్నాయి.

ఆ తర్వాత ఒక సంతకి అతని పెళ్ళాం పనసపండు మోసుకొచ్చింది. మాకోసమే. "మా ఆయన పేరున మీరు సొంత డబ్బులు కట్టీరంట బాబూ. ఈ కాలంలో ఎవులు కడతారు?" అంది. బావగారు పండు మీద తట్టి, పండిందో లేదో చూసి లోపల పెట్టమన్నాడు. కాళ్ళకి దండం పెడుతుంటే వద్దని కూడా అనలేదు.

వానాకాలంలో అతను చనిపోయాడు. పాడేరు వైపు నుంచి ఒక్కడూ వస్తున్నాడు. మలుపు దగ్గర రోడ్డు అంచు వానకి నాని ఉంది. కారు లోయలోకి పోయింది. ఇంకో బండి అడ్డం రాలేదు, తాగి లేడు, తప్పంతా మట్టిదే. వార్త తెలిసి బావగారు దుకాణం ముందు నిలబడి వచ్చినవాళ్ళందరికీ అతని మంచితనం చెప్పాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికుండగా అతని మిరియాల తూకంలో నొక్కింది ఎంతో మాకే తెలుసు.

కర్మ అయ్యాక ఆమె ఆ పాలసీ కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కొండ దిగింది. మరిది వెంట వెళ్ళాడు. కంపెనీ ఆఫీసులో ఒకాయన కాగితమంతా చదివి చెప్పాడట. ఇది ఎదుటివాళ్ళకి మాత్రమే, కారుకి ఏమీ రాదు. నీ మొగుడికీ ఇందులో ఏమీ లేదు. ఎందుకంటే తనకి వేరే పదిహేను లక్షల ప్రమాద పాలసీ ఉందని నీ మొగుడే చెప్పాడు, ఇక్కడ అచ్చయి ఉంది. అది ఎక్కడుందో వెతుక్కోమ్మా, అందులోంచి వస్తాయి.

పాపం ఆయన మంచికే చెప్పాడు. రాసి ఉన్నదే చదివాడు.

వాళ్ళిద్దరూ తిన్నగా మా దుకాణానికి వచ్చారు. ఆమె కొంగులో ముఖం పెట్టుకుని లేదు, ఏడవడం లేదు. కళ్ళల్లో ఒక ఆశ ఉంది.

"బాబూ, ఆయనకి రెండో పాలసీ ఉందంట. పదిహేను లచ్చలంట. ఆ రోజు మీరే కదా ఉందన్నారు. ఏ ఆపీసులో ఉందో సెప్పండి బాబూ, గుంట పిల్లల్ని సదివించుకుంటాను."

నేను బావగారి ముఖం వైపు చూశాను. ఒక్క మాట చాలు. 'లేదమ్మా, ఆ రోజు ఏదో అనేశాను' అంటే సరిపోయేది. ఆయన త్రాసులో మిరియాలు సర్దుతూ అన్నాడు, "ఉండే ఉంటాది. ఇంట్లో సూడండి. బ్యాంకులో అడగండి. సీలేరులో పని సేసినప్పుడు కాంట్రాక్టరు కట్టించాడేమో."

అలా అన్నాడు. ఆమె గుండె మీద కుంపటి పెట్టి, పైగా విసరడానికి విసనకర్ర కూడా ఇచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మా ఆయన ముందే అడిగాను. బావగారు చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు, "ఇప్పుడు లేదంటే, మరి ఆ రోజు ఉందని టిక్కు ఎందుకు కొట్టించావని అడుగుతారు. కేసవుతాది. ఎతికి ఎతికి ఆళ్ళే మానుకుంటారు. కొండోళ్ళకి అన్నీ బేగి మర్చిపోవడం అలవాటే." మా ఆయన మజ్జిగ పోసుకుంటున్నాడు. పోసుకుంటూనే ఉన్నాడు.

ఏజెంటుకి ఫోను చేశాను. "మేడం, ఓటీపీ ఆయన ఫోనుకే వచ్చింది, ఆయనే చదివి చెప్పాడు. కంపెనీ లెక్కలో ఆయన ఒప్పుకున్నట్టే. ఓనరు బీమాకి ప్రీమియం కట్టలేదు కాబట్టి క్లెయిము లేదు. నన్ను ఇందులోకి లాగకండి, నాకూ పిల్లలున్నారు" అన్నాడు. పిల్లలు అందరికీ ఉంటారు.

వాళ్ళు మర్చిపోలేదు. వెతికారు. ముందు ఇంట్లో ధాన్యం కుండలు దింపారు. తర్వాత తోటలో పాక. పోస్టాఫీసులో అడిగారు, బ్యాంకులో అడిగారు. బ్యాంకులో చదువుకున్న గుమాస్తా కూడా కాగితం చూసి, ఉన్నట్టే రాసి ఉంది మరి, అన్నాడట. మరిదికి అనుమానం మొదలైంది. పదిహేను లక్షలు ఒక్కతే మింగుదామని వదిన కాగితం దాచిందన్నాడు. ఊళ్ళో సగంమంది ఆ మాట పట్టుకున్నారు. మిగతా సగం ఇంకో కథ కట్టారు: అతనికి సీలేరులో ఇంకో ఆడది ఉంది, పాలసీ ఆమె పేరున రాశాడు, అందుకే ఇంట్లో దొరకడం లేదు. చంటిదాన్ని వీపున కట్టుకుని ఆమె సీలేరు కూడా వెళ్ళింది. కాలనీలో తలుపు తలుపూ తట్టి, నా మొగుడు మీ ఇంటికి వచ్చేవాడా అని అడిగిందట. అక్కడివాళ్ళు నవ్వారో, తిట్టారో ఆమె నాకు చెప్పలేదు. బస్సుకి డబ్బులు లేక సగం దూరం నడిచొచ్చిందని మాత్రం చెప్పింది.

ఆ పాలసీ సంగతి అడగడానికి మూడోసారి ఆమె దుకాణానికి వచ్చినప్పుడు పెదవి చిట్లి ఉంది. సంతరోజు, దుకాణం నిండా మనుషులు. బావగారు యథాప్రకారం, "సరిగ్గా సూసేరా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్ద ధైర్యమేమీ కాదు, నాకు కోపం వస్తే నోరు ఆగదు, అంతే. గల్లాపెట్టె వదిలి బయటికి వచ్చి అందరూ వినేలా చెప్పాను. రెండో పాలసీ లేదు. ఎప్పుడూ లేదు. ఈయన కారు ఇన్సూరెన్సు డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి నీ మొగుడి పేరున చవక పాలసీ చేయించాడు, కొన్ని వందలు మిగులుతాయని నీ మొగుడికి వేరే బీమా ఉందని అబద్ధపు టిక్కు కొట్టించాడు. వెతకడం మానెయ్యి.

బావగారు నవ్వాడు. "ఆడోళ్ళకి ఇన్సూరెన్సులు ఏటి తెలుస్తాయి" అని పక్కనున్నవాడికి పప్పు కట్టమన్నాడు. ఆ నవ్వుకి జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మళ్ళీ బేరాల్లో పడ్డారు.

ఆమె మాత్రం అరుగు మీద కూర్చుండిపోయింది. "అయితే ఆయన దాయలేదు కదమ్మా?" అంది. "ఇంకో ఆడది లేదు కదా?" అంది. లేదన్నాను. అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయాక ఆమె ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఈ మాట మా ఊరొచ్చి సెప్పమ్మా. నాను సెప్తే నమ్మరు. మీరు సావుకారి ఇంటోళ్ళు, మీరు సెప్తే నమ్ముతారు."

మా ఆయనకి చెప్పి, సంత నుంచి తిరిగిపోయే జీపులో ఆమెతో వెళ్ళాను. ఆమె ఇల్లు చూశాను. నేల పారతో తవ్వి ఉంది. పొయ్యి పడగొట్టి కింద కూడా తవ్వారు. ఆ గుంటల మధ్య మిగిలిన కాస్త చోట చాప వేసుకుని పిల్లలు పడుకుంటున్నారు. మరిది వచ్చాడు, ఊరిపెద్దలు వచ్చారు, ఇంటి ముందు కూర్చున్నారు. నేను దుకాణంలో చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. ఏమీ దాచలేదు. ఉత్తరం నేనే రాశానన్నాను, టిక్కు కొడుతుంటే అక్కడే ఉన్నానన్నాను.

వాళ్ళు ఓపిగ్గా విన్నారు. ఒక ముసలాయన ఆ పాలసీ కాగితం తెప్పించి నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఈ తోట మాదని మా తాతల కాడ్నించి నోటితో సెప్తన్నాం. ఏ ఆపీసులోనూ సెల్లలేదు. కాగితం ఉందా అనడిగారు. రేషనుకి కాగితం, బడికి కాగితం. కాగితంలో ఉంటేనే నిజమన్నారు. ఇప్పుడు కాగితంలో ఉంది. కంపినీవోడు సదివాడు, బ్యాంకోడు సదివాడు. నువ్వొచ్చి నోటితో లేదంటన్నావు. మేం దేన్ని నమ్మాల?"

ఇంత చదువుకుని, ఇన్ని అర్జీలు రాసిన నేను, ఆ అచ్చయిన అబద్ధాన్ని మళ్ళీ చదివి కాగితం ఆ ముసలాయన చేతికే ఇచ్చాను.

మరిది లేచాడు. నా వైపు వేలు చూపించి వదినను అడిగాడు, "ఈవిడికి ఎంతిత్తానన్నావు? సగమా?"

ఎవరూ అతన్ని ఆపలేదు. ముసలాయన కూడా నా ముఖం వైపు తేరిపార చూశాడు. నిజమే కదా, దుకాణం మనిషి పని మానుకుని, ఉట్టి పుణ్యానికి కొండెక్కి ఎందుకొస్తుంది? మా వాళ్ళు ఎప్పుడైనా ఉట్టినే వచ్చారా? వాళ్ళ అనుమానం తప్పని నేను అనలేను. నేను వచ్చి ఆమెకి మేలు చెయ్యలేదు. కాగితం మా ఇంట్లో ఉందన్న కొత్త అనుమానం ఒకటి ఇచ్చి, లేచాను.

జీపు దాకా ఆమె నాతో వచ్చింది. మరిది వెనక దూరంగా నడుస్తున్నాడు. జీపు ఎక్కి కూర్చున్నాక ఆమె కమ్మీ పట్టుకుని దగ్గరికి వంగింది. చిట్లిన పెదవి ఇంకా మానలేదు. మరిదికి వినిపించకుండా చాలా నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు అడిగింది.

"సగం కాదమ్మా, ముప్పాతిక నువ్వే తీసుకో. ఎక్కడుందో సెప్పు."